షిఫ్టు చివరి గంటల్లోనే గేజ్ గ్లాసులో నీరు ఎందుకు ఎగిరిపడుతోంది?

ఆవిరిగది: మా వద్ద గంటకు 2,000 కిలోల ఆవిరి ఇచ్చే, 10 బార్ల మీద నడిచే స్మోక్ ట్యూబ్ బాయిలర్ ఉంది. షిఫ్టు మొదట్లో గేజ్ గ్లాసులో నీటి మట్టం నిలకడగానే ఉంటుంది కానీ, ఆరేడు గంటలు గడిచేసరికి నీరు పైకీ కిందికీ ఎగిరిపడుతూ, ఒక్కోసారి నీరు తగ్గిందన్న అలారం మోగి బర్నర్ ఆగిపోతోంది. ఫీడ్ ట్యాంకులో టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న ఉప్పు, 300 పీపీఎమ్ ఉంది. షిఫ్టు చివర బాయిలర్ నీటిని డబ్బాలో పట్టి చల్లారాక చూస్తే 5,000 వచ్చింది. షిఫ్టు మారేటప్పుడు అడుగు వాల్వు తెరిచి, మళ్ళీ నీరు నింపి, అలా మూడు నాలుగు సార్లు వదులుతాము. బాయిలర్ పుస్తకంలో హద్దు 3,500 అని ఉంది.

మెత్తనినీరు: సాఫ్ట్‌నర్ సరిగా పనిచేస్తూ హార్డ్‌నెస్ సున్నా ఉంటే పొలుసు కట్టదు, అడుగున బురదా చేరదు. అటువంటప్పుడు అన్ని సార్లు బ్లోడౌన్ ఇచ్చి వేడినీటిని పారబోయడం దేనికి? మట్టం ఎగరడానికి లెవెల్ ప్రోబ్ పాడై ఉండవచ్చు, ముందు దానిని శుభ్రం చేయించండి.

పాతబాయిలర్: పొలుసు, బురదల విషయంలో మెత్తనినీరు గారి మాట చాలావరకు నిజమే. అయితే సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియంలను తీసుకుని వాటి స్థానంలో సోడియం ఇస్తుంది తప్ప ఉప్పును తగ్గించదు; లోపలికి వెళ్ళే నీటి టీడీఎస్ ఎంతో బయటికి వచ్చేదీ దాదాపు అంతే. ఆవిరి ఉప్పును వెంట తీసుకుపోదు కాబట్టి అదంతా బాయిలర్‌లోనే మిగిలి చిక్కబడుతుంది.

ఆవిరిగది గారూ, ముందు మీ కొలతను సరిదిద్దుకోవాలి. 10 బార్ల దగ్గర 184 డిగ్రీలున్న నీరు కొళాయి దాటగానే అందులో ఆరో వంతు ఆవిరైపోతుంది, డబ్బాలో మిగిలినది అంత మేరకు చిక్కనిది. మీ 5,000 నిజానికి సుమారు 4,200. చల్లనీటిలో ముంచిన రాగి గొట్టపు చుట్ట గుండా నిదానంగా పడితే అసలు అంకె వస్తుంది.

ఇక లెక్క: గంటకు 2,000 కిలోల నీరు 300 పీపీఎమ్‌తో లోపలికి వెళితే 600 గ్రాముల ఉప్పు చేరుతుంది. మీ బాయిలర్ పట్టే నీరు 4,000 కిలోలనుకుంటే గంటకు 150 పీపీఎమ్ పెరుగుతుంది, ఎనిమిది గంటలకు 1,200. అంటే మీరు 3,000 దగ్గర మొదలై, నాలుగో గంట ముందే 3,500 దాటి, 4,200 దగ్గర ముగిస్తున్నారు. చిక్కని నీటిలో బుడగలు త్వరగా పగలక నురుగు లేచి ఆవిరి వెంట పోతుంది. గ్లాసులో మీకు కనిపించేది అదే. బాయిలర్‌కు దగ్గరగా, ఆవిరి లైనులో చేరిన నీటిని బయటికి వదిలే ట్రాప్ నుంచి నీరు పట్టి టీడీఎస్ చూడండి.

గొట్టాలమనిషి: మాకూ ఇదే బాధ. ఆవిరి చల్లారి నీరైన కండెన్సేట్ తిరిగివచ్చే గొట్టం అడుగు భాగం కాలువలా తినేసి చిల్లు పడింది. బ్లోడౌన్ పెంచితే ఆగుతుందా?

పాతబాయిలర్: అది వేరే సమస్య. మెత్తని నీటిలో మిగిలే బైకార్బనేట్ బాయిలర్ వేడికి విడిపోయి కార్బన్ డయాక్సైడ్‌ను ఇస్తుంది, అది ఆవిరితో వెళ్ళి కండెన్సేట్‌లో ఆమ్లమవుతుంది. బ్లోడౌన్ దానిని ఆపలేదు.

ఆవిరిగది: చుట్టతో పడితే 4,210 వచ్చింది. ట్రాప్ దగ్గరి నీరు 84 చూపింది.

పాతబాయిలర్: అంటే ఆవిరిలో 2 శాతం బాయిలర్ నీరే వెళుతోంది. 3,500 దగ్గర నిలపాలంటే 300ను 2,000తో గుణించి, హద్దుకూ ఫీడ్‌కూ ఉన్న తేడా 3,200తో భాగించండి: గంటకు 187 కిలోలు, షిఫ్టుకు సుమారు 1,500. మీరు ఇప్పుడు వదులుతున్నదీ ఇంచుమించు అంతే. తేడా అంతా సమయంలో ఉంది. నీటి మట్టానికి కాస్త దిగువనున్న పక్క వాల్వు ద్వారా కొద్దికొద్దిగా నిరంతరం వదిలి, అడుగు వాల్వును బురద కోసం షిఫ్టుకు ఒకసారి కొన్ని సెకన్లు మాత్రమే తెరవండి.

మెత్తనినీరు: రోజంతా వేడినీరు వదిలితే ఇంధనం మాటేమిటి?

పాతబాయిలర్: ఫీడ్ నీరు 80 డిగ్రీలుంటే ఆ 187 కిలోలకు పోయేది ఇంధనంలో 2 శాతం లోపే. తగ్గించాలంటే కండెన్సేట్‌ను ఎక్కువగా తిరిగి తెచ్చుకోవాలి. ఫీడ్ టీడీఎస్ 150కి దిగితే బ్లోడౌన్ గంటకు 90 కిలోలు చాలు.

ఆవిరిగది: వారం నడిపాము. బాయిలర్ నీరు 3,300, 3,500 మధ్య ఉంటోంది, ట్రాప్ నీరు 9కి దిగింది. అలారం మోగలేదు. కానీ పెద్ద యంత్రం వాల్వు తెరిచిన నిమిషంలో మట్టం ఇంకా ఒకసారి ఎగురుతోంది.

పాతబాయిలర్: ఆ క్షణంలో ప్రెషర్ గేజ్ ఎంత పడుతోందో చూసి చెప్పండి. ఒత్తిడి ఒక్కసారిగా పడితే ఎంత మంచి నీరైనా పొంగుతుంది. వాల్వును రెండు నిమిషాలు తీసుకుని తెరిపించి చూడండి.

మెత్తనినీరు: నేను ఇప్పటికీ ప్రోబ్ చూడమనే అంటాను.