కూ హులిన్‌కి యుద్ధంలో ఒళ్లు తిరిగినప్పటి రూపం: బొమ్మ ఎలా వేయాలి?

కుంచె_రమ్య
అందరికీ నమస్కారం. యానిమేషన్ రెండో సంవత్సరం చదువుతున్నాను. వేరే దేశపు వీరగాథలో ఒక యోధుణ్ణి ఒకే బొమ్మలో వేయమని అసైన్‌మెంట్ ఇచ్చారు. నేను ఐర్లండ్ కూ హులిన్‌ని తీసుకున్నాను. కండలు, ఎర్ర కళ్లు, కోరలు, ముఖంలో కొంచెం కుక్క పోలిక పెట్టి వేశాను. పేరులోనే కుక్క ఉంది కదా అని. సార్ చూసి, "ఇది సినిమా పోస్టర్ అమ్మా, కథలో ఉన్నది ఇది కాదు, చదివి రా" అన్నారు. అసలు కథలో ఎలా ఉంటాడు? కుక్కగా మారతాడా, మారడా?

గేమర్_చందు
నేను ఆడే గేమ్‌లో నీలం డ్రెస్, చేతిలో ఎర్ర బల్లెం. ఇంకో వెర్షన్‌లో నల్లటి కవచం, ఒళ్లంతా ముళ్లు, తోక కూడా ఉంటుంది. కాబట్టి జంతువుగా మారతాడనే అనుకుంటున్నా. మీ సార్‌కి ఆ గేమ్ చూపించండి.

పాతపుస్తకాల_మూర్తి
రమ్య గారూ, గేమ్ చూపించి మార్కులు పోగొట్టుకోకండి. కుక్కగా మారడం కథలో ఎక్కడా లేదు. పేరు వచ్చిన తీరు వేరు. చిన్నప్పుడు ఇతని పేరు సెటాంటా. కమ్మరి కులన్ ఇంట్లో విందుకి ఆలస్యంగా వెళ్తే, అప్పటికే కాపలాకుక్కని వదిలేసి ఉంటారు. అది మీదికొస్తే చంపేస్తాడు. ఒక పాఠంలో చేతులతో పట్టుకుని రాతిస్తంభానికేసి కొడతాడు, ఇంకో పాఠంలో ఆడుకునే బంతిని దాని నోట్లోకి విసురుతాడు. కులన్ ఏడుస్తుంటే, దీని పిల్ల పెరిగేదాకా మీ పశువుల్నీ ఇంటినీ నేనే కాస్తానంటాడు. అప్పుడు కాథ్‌బద్ అనే ద్రూయిడ్ పూజారి ఇక నీ పేరు కూ హులిన్, అంటే కులన్ కుక్క అంటాడు. కుక్క చేసే పని ఒప్పుకున్నాడు కాబట్టి ఆ పేరు, అంతే.

యుద్ధంలో ఒళ్లు మారడాన్ని పాత ఐరిష్‌లో 'రీయస్త్రద్' అంటారు. మెలితిరగడం అని అర్థం. ఇతని యుద్ధం ఉన్న టాయిన్ అనే పాత ఐరిష్ వీరగాథలో దీని వర్ణనలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి, చిన్నప్పటిది ఒకటి, పెద్ద యుద్ధంలోది ఒకటి. ముందు ఏది వేస్తారో తేల్చుకోండి.

సాగరతీరం_వెంకట్
ఇందులో ఇంత ఆలోచించాల్సిందేముంది! మన పూనకమే కదా. బోనాల్లో పోతరాజు ఊగుతుంటే చూడలేదా? లేకపోతే ఉగ్రనరసింహుణ్ణి తలుచుకోండి. ప్రతి దేశంలోనూ ఇదే కథ.

పాతపుస్తకాల_మూర్తి
వెంకట్ గారు సగం నిజం చెప్పారు. తగ్గించేవాళ్లు లేకపోతే సొంతవాళ్లకీ ప్రమాదమే అనే మాట నరసింహుడి కథకి దగ్గరగానే ఉంది. కానీ పూనకంలో బయటినుంచి ఒకరు వచ్చి ఒంట్లో దిగాలి. ఇక్కడ ఎవరూ దిగరు. ఇతనికి తండ్రి లూగ్ అనే దేవుడు. ఆయన వచ్చి, గాయాలతో అలిసిపోయిన కొడుకుని మూడు పగళ్లు మూడు రాత్రులు నిద్రపుచ్చి, కాపలా కాసి, మందు వేసి వెళ్లిపోతాడు. ఒంట్లోకి రాడు. ఆ నిద్రలో ఉండగానే ఇతని సొంత రాజ్యమైన అల్‌స్టర్ పిల్లలు నూట యాభై మంది శత్రువైన మేవ్ రాణి సైన్యం మీదికి వెళ్లి చచ్చిపోతారు. లేచి ఆ మాట వినగానే ఒళ్లు మెలిపడుతుంది. పెద్ద వర్ణన అక్కడిదే. ఊగడం ఉంది, ప్రవాహంలో చెట్టు ఊగినట్టు ఒళ్లంతా వణుకుతుందంటారు. కానీ దేవుడు పట్టి ఊపడం కాదు, చర్మం లోపల మనిషే తిరిగిపోతాడు.

డబ్లిన్_మనోడు
ఇక్కడ డబ్లిన్‌లో పెద్ద పోస్టాఫీసులో ఇతని కంచు విగ్రహం చూశాను. ఒక బండకి కట్టుకుని వాలిపోయి ఉంటాడు, భుజం మీద కాకిలాంటి పక్షి. కోపమే కనపడదు, ప్రశాంతంగా నిద్రపోతున్నట్టుంది. మరి మీరు చెప్పే భయంకరమైన రూపం ఏదీ?

పాతపుస్తకాల_మూర్తి
అది ఆలివర్ షెపర్డ్ చేసిన విగ్రహం, చావు దృశ్యం. నిలబడే చావాలని తనని తాను రాతికి కట్టుకుంటాడు. పక్షి వచ్చి వాలేదాకా శత్రువులు దగ్గరికి రావడానికి భయపడతారు. ఆ పోస్టాఫీసు 1916 తిరుగుబాటుకి కేంద్రం కాబట్టి ఆ జ్ఞాపకంగా అక్కడ పెట్టారు. అలాంటి చోట గుడ్డు బయటికి పొడుచుకొచ్చిన కన్ను, గొంతులో కొట్టుకునే ఊపిరితిత్తులు ఎవరు పెడతారు? అందుకే ఎక్కువమందికి ఆ ప్రశాంతమైన ముఖమే తెలుసు.

కుంచె_రమ్య
పెద్ద వర్ణనే వేస్తానండీ. ఇంగ్లీషులో చదివాను, దిమ్మ తిరిగింది. కింది నుంచి మొదలుపెట్టాను. పాదాలు, పిక్కల ముందుభాగం, మోకాళ్లు వెనక్కి తిరుగుతాయి. మడమలు, పిక్కలు ముందుకొస్తాయి. పిక్క నరాలు ముందుకొచ్చి ముడిపడతాయి, ఒక్కో ముడి యోధుడి పిడికిలంత. మా తమ్ముణ్ణి నిలబెట్టి ఫొటో తీసి, నడుం దగ్గర కత్తిరించి కింది సగాన్ని వెనక్కి తిప్పి అతికించాను. ఇలాంటి కాళ్లతో నిలబడటమే కష్టంగా కనిపిస్తోంది. తూలిపోతున్న మనిషిలా ఉంది గానీ వీరుడిలా లేదు. ఎక్కడ తప్పు చేశాను?

పాతపుస్తకాల_మూర్తి
నడుం దగ్గర కోయడమే తప్పు. పాఠం తిరిగిన భాగాల్ని ఒక్కొక్కటీ పేరు పెట్టి చెబుతుంది, చర్మం అలాగే ఉంటుంది. సంచిలో పిల్లి మసిలినట్టు అనుకోండి. చర్మం సాగి, కింద ఎముక తిరుగుతున్నది పైకి ముద్రపడాలి. ఇక నిలబడటమా, ఆ తర్వాత రథం ఎక్కేస్తాడు. లేగ్ అనే సారథి ఉన్నాడు, కొడవళ్లు బిగించిన రథం. నడిచిపోయే బొమ్మ అక్కర్లేదు.

ఇంకో మాట. చెప్పేవాడు భయంకరం, ఘోరం అంటూ కూర్చోడు. వినేవాళ్లు రోజూ చూసే వస్తువులతో కొలుస్తాడు. మెడ నరాల ముడులు నెలబిడ్డ తలంత. గొంతులోంచి నోట్లోకి వచ్చే నిప్పు రవ్వలు మూడేళ్ల పొట్టేలు ఉన్ని అంత. జుట్టు ముళ్లకొమ్మల్లా చిక్కుపడి నిక్కబొడుచుకుంటుంది, ఆపిల్ చెట్టుని అతని తల మీద దులిపితే ఒక్క పండూ నేలకి చేరదు, వెంట్రుకలకే గుచ్చుకుని ఉండిపోతాయి. నడినెత్తి నుంచి నల్లటి రక్తం ఓడ తెరచాప కొయ్యంత ఎత్తున నిలువుగా చిమ్మి, చలికాలం సాయంత్రం రాజు వచ్చినప్పుడు సత్రం పైన లేచే పొగలా మంచు కమ్ముతుంది. కొలత తెలుస్తోంది కాబట్టే నమ్మబుద్ధేస్తుంది. మీ మొదటి బొమ్మలో కొలతలు లేవు, కండలే ఉన్నాయి.

కుక్క కూడా ఒకచోట ఉంది, మీకు పనికొస్తుంది. గుండె కొట్టుకునే చప్పుడుని వేటకుక్క మొరుగుడుతో పోలుస్తాడు. కుక్కని ముఖంలో కాకుండా రొమ్ములో పెట్టండి.

గేమర్_చందు
సూదిబెజ్జం కన్ను అని ఎక్కడో చదివాను. ఒక కన్ను సూదిబెజ్జమంత, ఇంకోటి గిన్నెంత. అదే కదా?

పాతపుస్తకాల_మూర్తి
చందూ, ఈసారి నువ్వు చెప్పింది ఉన్నదే, కాకపోతే అది చిన్నప్పటి వర్ణన. రాజు కోట ఎవిన్ మాఖాలో పిల్లలందరూ మీద పడ్డప్పుడు ఒక కన్ను సూదిబెజ్జమంత, ఇంకోటి తేనెకల్లు గిన్నె మూతి అంత చేస్తాడు. పెద్ద యుద్ధంలో ఇంకా ముదురుతుంది. ఒక కన్ను తలలోకి ఎంత లోతుకి వెళ్తుందంటే, అడవికొంగ ముక్కు పెట్టినా అందుకోలేదు. రెండోది చెంప మీదికి వచ్చి వేలాడుతుంది. రెండు వర్ణనల్నీ ఒకే ముఖంలో కలిపితే మీ సార్ పట్టేస్తారు.

అనంతపురం_అక్క
మా చిన్నాన్నకి కోపం వస్తే ఇంతే, కళ్లు అలాగే అయ్యేవి, ఇంట్లో వాళ్లమంతా టెన్షన్‌తో గది తలుపేసుకునేవాళ్లం. మా నాయనమ్మ బిందెడు నీళ్లు తెచ్చి ఎదురుగా పెట్టేది, ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. ఇతనికి ఎవరు తగ్గిస్తారు? కథలో ఆడవాళ్లు ఉంటారా?

పాతపుస్తకాల_మూర్తి
అక్కా, ఆ బిందె మాట భలే దొరికింది. ఏడేళ్లప్పుడు మొదటిసారి ఆయుధం పట్టి సరిహద్దు దాకా వెళ్లి, ముగ్గురి తలలు తెచ్చుకుంటూ ఎవిన్ మాఖాకి తిరిగొస్తాడు. రథం ఎడమవైపు కోటకి తిప్పుతాడు, అది వాళ్లకి అవమానం. తనతో పోట్లాడేవాడు దొరక్కపోతే కోటలో అందరి రక్తం చిందిస్తానంటాడు. మన ఊరి పిల్లాడేలే అనుకునే స్థితి కాదది. అప్పుడు రాజు భార్య ముగైన్ ముందుండగా ఆడవాళ్లు రొమ్ములు విప్పుకుని ఎదురుగా వెళ్తారు. పిల్లాడు సిగ్గుపడి ముఖం దాచుకోగానే పట్టుకుని చన్నీళ్ల తొట్టిలో ముంచుతారు. మొదటి తొట్టి పగిలిపోతుంది. రెండోదాంట్లో పిడికిళ్లంత బుడగలతో నీళ్లు మరుగుతాయి. మూడోది వేడెక్కి, కొందరు ఓర్చుకోగలిగేంతలో ఆగుతుంది. తర్వాత నీలం వస్త్రం కట్టి రాజు మోకాలి దగ్గర కూర్చోబెడతారు. పోరాటం కంటే ఈ సీనే నాకు గుర్తుండిపోయింది. వేడి ఎంతో చెప్పడానికి తొట్లు లెక్కపెట్టడం గమనించండి.

సాగరతీరం_వెంకట్
సరే, పూనకం కాదంటారు. మరి కోపం ఎలా మొదలవుతుంది? తనే తెచ్చుకుంటాడా?

పాతపుస్తకాల_మూర్తి
అక్కడే నాకూ తేలలేదు. పిల్లలు చచ్చిన వార్త విన్నప్పుడు దానంతటదే వస్తుంది. కానీ ఫెర్ డియాతో, అంటే తనతో కలిసి విద్య నేర్చిన స్నేహితుడితో, రేవులో పోరాడేటప్పుడు సారథి లేగ్‌తో ముందే ఒప్పందం చేసుకుంటాడు. నేను ఓడుతుంటే తిట్టు, గెలుస్తుంటే పొగుడు అని. ఓడిపోయే సమయంలో లేగ్, ఆడమనిషి పిల్లాణ్ణి శిక్షించినట్టు శిక్షించాడు, తిరగలి ధాన్యాన్ని పిండి చేసినట్టు చేశాడు అని ఎత్తిపొడుస్తాడు. ఆ మాటలకి గాలి ఊదిన తిత్తిలా ఉబ్బిపోతాడు. అంటే రప్పించుకోవచ్చు కూడా. మీరు ఎత్తిన సందేహానికి సగం జవాబే ఉంది.

డబ్లిన్_మనోడు
పెద్ద యుద్ధం అయ్యాక ఏమవుతుంది? అలాగే తిరుగుతాడా?

పాతపుస్తకాల_మూర్తి
లేదు. ఆ మర్నాడు తెల్లారగానే అందంగా ముస్తాబై శత్రుసైన్యం ముందుకొస్తాడు, నిన్న చూసిన రూపం తన అసలు రూపం కాదని చూపించడానికి. జుట్టు మూడు రంగులు, మొదట్లో ముదురు, మధ్యలో రక్తంలా ఎరుపు, చివర బంగారం. చేతుల్లో మాత్రం తలలు ఉంటాయి. మేవ్ సైన్యంలో ఆడవాళ్లు చూడాలని మగవాళ్ల భుజాలెక్కుతారు. దుబ్థఖ్ అనేవాడికి అది మండి, ఆ మెలిపడ్డవాడే కదా వీడని ఎత్తిచూపుతాడు. రమ్య గారూ, కావాలంటే బొమ్మని రెండుగా చీల్చి ఇటు నిన్నటిది, అటు ఇవాళ్టిది వేయొచ్చు. నాకైతే నిన్నటిదే ఇష్టం.

కుంచె_రమ్య
చీల్చను, నిన్నటిదే వేస్తాను. కాళ్లు మీరు చెప్పినట్టు సంచిలో పిల్లిలా మార్చాను, బాగానే కుదిరింది. పైన ఆపిల్ చెట్టు కొమ్మ కూడా వేశాను, వెంట్రుకలకి మూడు పండ్లు గుచ్చాను. ఒక్కటే సందేహం. లోపలికి పోయే కన్ను కుడిదా, ఎడమదా?

పాతపుస్తకాల_మూర్తి
ఒక కన్ను అని మాత్రమే ఉందండీ. ఏ వైపో చెప్పలేదు.

కుంచె_రమ్య
సరే, వెలుగు కుడివైపు నుంచి వస్తోంది నా బొమ్మలో. లోపలికి పోయేది ఎడమది పెట్టేస్తున్నా, నీడలో ఎంత లోతైనా వేసుకోవచ్చు.