కప్పు కెలోరీమీటర్‌లో తటస్థీకరణ ఎంథాల్పీ 52 దాటడం లేదు

శ్రావ్య_ల్యాబ్:
థర్మాకోల్ కప్పులో 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మి.లీ. తీసుకుని, అంతే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ 50 మి.లీ. పోశాను. రెండూ 25.0 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. థర్మామీటరు 31.2 వరకు ఎక్కి ఆగింది. 100 × 4.18 × 6.2 అంటే 2592 జౌళ్లు. 0.05 మోల్‌తో భాగిస్తే మోల్‌కు 51.8 కిలోజౌళ్లు. రావలసింది 56 చుట్టుపక్కల. మూడుసార్లు చేసినా ఇంతే. ఆ వేడి ఎటు పోతోంది?

జంటకప్పు:
ఒకదానిలో ఒకటి రెండు కప్పులు పెట్టి పైన మూత వేయండి, సరిపోతుంది. థర్మాకోల్ పీల్చుకునే వేడి లెక్కలోకి రానంత తక్కువ.

పాతబ్యూరెట్:
మూత మాట నిజమే కానీ అది సగమే. ఇక్కడ రెండు తప్పులు కలిసిపోయాయి. కప్పు లోపలి గోడ, థర్మామీటరు గాజు, కలియబెట్టే కడ్డీ ద్రావణంతోపాటు వేడెక్కడానికి తమ వాటా తీసుకుంటాయి. ఎంత మూత బిగించినా ఆ వాటా పోదు. గాలిలోకి పోయే వేడి వేరు. అది గడిచే ప్రతి నిమిషానికీ పెరుగుతుంది. మొదటిదాన్ని కొలిచి లెక్కలో కలపాలి, రెండోదాన్ని గ్రాఫు మీద సరిచేయాలి. శ్రావ్య గారూ, 31.2 రావడానికి ఎంతసేపు పట్టింది?

శ్రావ్య_ల్యాబ్:
రెండు నిమిషాలండి. ఆ తర్వాత నిమిషానికి 0.1 చొప్పున దిగింది.

పాతబ్యూరెట్:
అయితే ఆ రెండు నిమిషాల్లోనూ వేడి పోతూనే ఉంది. దిగుతున్న గీతను స్కేలుతో వెనక్కి, కలిపిన క్షణం దాకా పొడిగిస్తే 31.4 తగులుతుంది. పెరుగుదల 6.4, ఫలితం 53.5. కలపడానికి ముందు మూడు నిమిషాలు, తర్వాత ఏడెనిమిది నిమిషాలు, అర నిమిషానికొకసారి రాసుకుంటేనే ఆ గీత నమ్మదగ్గదిగా వస్తుంది.

ఇక కప్పు వాటా. అదే కప్పులో 25.0 డిగ్రీల నీళ్లు 50 మి.లీ. ఉంచి, 45.0 డిగ్రీల నీళ్లు 50 మి.లీ. పోసి, ఇదే పద్ధతిలో గ్రాఫు గీయండి.

వేడిచుక్క:
నేను అలాగే చేస్తే కప్పు ఉష్ణధారణ రుణాత్మకం వచ్చింది! మిశ్రమం 35.2 చూపించింది.

పాతబ్యూరెట్:
రెండు థర్మామీటర్లు వాడి ఉంటారు. రెండింటినీ ఒకే గ్లాసు నీళ్లలో ముంచి చూడండి, తేడా బయటపడుతుంది. ఈ కొలత మహా సున్నితం. మిశ్రమం ఉష్ణోగ్రతలో 0.1 తేడా వస్తే చాలు, కప్పు ఉష్ణధారణ డిగ్రీకి 22 జౌళ్లు రావలసినది 17 కావచ్చు, 27 కావచ్చు.

గులికలు:
నాకు ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, 62 దాకా. మీ కప్పులు పాతవేమో?

జంటకప్పు:
గులికలు అప్పుడే కరిగించి వాడుతున్నారా? ఆ ద్రావణం వెచ్చగా ఉంటుంది. క్షారం 27.5, ఆమ్లం 25.0 ఉంటే మొదలు 26.25 అని తీసుకోవాలి. మీరు ఆమ్లం ఉష్ణోగ్రత ఒక్కటే రాసుకుని ఉంటారు.

గులికలు:
అవును, ఆమ్లందే రాశాను.

శ్రావ్య_ల్యాబ్:
నీళ్లతో చేశాను. గీత వెనక్కి తీస్తే 34.5. వేడి నీళ్లు కోల్పోయింది 2194.5, చల్లనివి పొందింది 1985.5. తేడా 209 జౌళ్లు. 9.5తో భాగిస్తే డిగ్రీకి 22. ఇప్పుడు (418 + 22) × 6.4 = 2816, మోల్‌కు 56.3! అయిపోయినట్టేనా?

పాతబ్యూరెట్:
నాకు ఆ 22 మీద అనుమానం. కప్పు బరువు రెండు మూడు గ్రాములే. మునిగిన గాజును కలిపినా అంత ఎలా వస్తుంది? బీకరులో 45.0 చూసి పోసేలోపు నీళ్లు 0.3 చల్లబడ్డా 63 జౌళ్లు పోతాయి, ఆ నష్టం కప్పు ఖాతాలో పడుతుంది. అది తీసేస్తే డిగ్రీకి 15, ఫలితం 55.4. పైగా మీ మిశ్రమం నీళ్లు కాదు, ఉప్పు ద్రావణం. 100 మి.లీ. బరువు దాదాపు 102 గ్రాములు, విశిష్టోష్ణం 4.02. అంటే 418 స్థానంలో 410. అప్పుడు 54.4.

జంటకప్పు:
వెనక్కే వెళ్లారు కదండీ! 56.3 దగ్గర ఆగితే ఏం పోయింది?

పాతబ్యూరెట్:
రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకుంటే వచ్చిన 56.3 అది. క్షారాన్ని టైట్రేషన్ చేశారా? సీసా తెరిచి ఉంచితే గాలిలోని కార్బన్ డైఆక్సైడ్‌ను పీల్చుకుంటుంది. గాఢత తగ్గితే మోల్‌లు 0.05 ఉండవు.

శ్రావ్య_ల్యాబ్:
ఇప్పుడే చేశాను, 0.98 వచ్చింది. 2720ని 0.049తో భాగిస్తే 55.5. కానీ ఆ 0.3 మీరు ఊహించిందే కదా, కొలిచింది కాదు. వేడి నీళ్లను ఇంకో థర్మాకోల్ కప్పులో ఉంచి, పోసే క్షణం దాకా రీడింగులు తీసి మళ్లీ చేస్తాను.

వేడిచుక్క:
నా రెండు థర్మామీటర్లకు మధ్య 0.4 తేడా ఉంది. ఏది సరైనదో తెలియడం లేదు.

జంటకప్పు:
ఏదో ఒకటే రెండింటికీ వాడండి. మధ్యలో తుడవడం మరవకండి.