టెస్టోస్టిరాన్ 262 వచ్చింది, జిమ్‌లో బూస్టర్ డబ్బా వాడమంటున్నారు

ఎర్రగుంట్ల షిఫ్టు:
నాకు 34 ఏళ్లు. సిమెంటు ఫ్యాక్టరీలో పని, వారానికో షిఫ్టు మారుతుంది. కొన్ని నెలలుగా నీరసం, కోరికలు తగ్గాయి, జిమ్‌లో బరువులు ఎత్తలేకపోతున్నాను. ప్రొద్దుటూరులో ఒక ల్యాబులో పరీక్ష చేయిస్తే మొత్తం టెస్టోస్టిరాన్ 262 వచ్చింది. కాగితం మీద హద్దు 280 నుంచి 800. కోచ్ రూ.2,400 డబ్బా చూపించి మూడు నెలలు వాడితే రెట్టింపు అవుతుందంటున్నాడు. దాని మీద పల్లేరు సారం, అశ్వగంధ, మెంతి సారం, డి-ఆస్పార్టిక్ ఆమ్లం, జింకు అని ఉంది. ఎవరైనా వాడారా?

వేరుశనగ చేను:
తమ్ముడూ, పల్లేరు మన చేలల్లో కాలికి గుచ్చుకునే కాయే. ఆయుర్వేదంలో గోక్షురం అంటారు, మా తాత మూత్రం మంటకు కషాయం కాచేవాడు. అశ్వగంధ కూడా బలానికి వాడేదే, దాని మీద ఆధునిక పరిశోధనలు కూడా ఉన్నాయి. ఇవన్నీ ప్రకృతి ఇచ్చినవి, హాని ఉండదు. వాడి చూడు.

కర్నూలు ల్యాబు:
నేను కర్నూలులో ల్యాబు పనిలో ఉన్నాను, హార్మోన్ పరీక్షలు రోజూ నా చేతుల మీదుగానే వెళ్తాయి. డబ్బా సంగతి తర్వాత, ముందు ఆ 262 సంగతి చూద్దాం. రక్తం ఏ రోజు, ఎన్ని గంటలకు ఇచ్చారు? అంతకు ముందు రాత్రి నిద్ర పోయారా? ఏమైనా తిన్నారా?

ఎర్రగుంట్ల షిఫ్టు:
రాత్రి డ్యూటీ చేసి ఉదయం ఆరుకు బయటపడ్డాను. ఇంటికి వెళ్లి దోసెలు తిని, టీ తాగి, ప్రొద్దుటూరు చేరేసరికి పదకొండున్నర. అప్పుడు ఇచ్చాను. పరగడుపున రమ్మని ఎవరూ చెప్పలేదు.

కర్నూలు ల్యాబు:
అయితే ఆ అంకెను నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఈ హార్మోన్ నిద్రలో పెరుగుతుంది, లేచే వేళకు శిఖరానికి చేరి, మధ్యాహ్నం దాటేకొద్దీ పడిపోతుంది. మీ వయసువారిలో ఈ తేడా ఎక్కువగా కనిపిస్తుంది. రాత్రంతా మేలుకుంటే ఆ పెరుగుదలే సరిగా జరగదు. దాని మీద దోసె, తీపి టీ: చక్కెర తాగించి చూసిన పరీక్షల్లో టెస్టోస్టిరాన్ పావు వంతు దాకా తగ్గి కొన్ని గంటలు అలాగే ఉంది. అంటే తక్కువ చూపించే కారణాలు మూడూ ఒకే రోజు కలిశాయి.

పగటి షిఫ్టు ఉన్న వారంలో, వరుసగా కొన్ని రాత్రులు సరిగా నిద్రపోయాక, ఏమీ తినకుండా ఉదయం ఏడు నుంచి పది లోపు ఇవ్వండి. జ్వరం, జలుబు ఉంటే వాయిదా వేయండి. కొన్ని రోజుల తర్వాత అదే ల్యాబులో ఇంకోసారి ఇవ్వండి. రెండుసార్లూ తక్కువ వస్తేనే తక్కువ అంటారు. అప్పుడు వృషణాలకు ఆజ్ఞనిచ్చే ఎల్‌హెచ్ హార్మోన్, ప్రొలాక్టిన్ కూడా చూస్తే లోపం వృషణాల్లో ఉందా, మెదడు కింద పిట్యూటరీ గ్రంథిలో ఉందా తెలుస్తుంది. ఎల్‌హెచ్ ఎక్కువగా ఉంటే పైనుంచి ఆజ్ఞ వస్తోంది, కింద పని జరగడం లేదని అర్థం. టెస్టోస్టిరాన్, ఎల్‌హెచ్ రెండూ తక్కువైతే ఆజ్ఞే రావడం లేదు. ఈ తేడాను ఏ డబ్బా సరిచేయలేదు.

అనంతపురం అన్న:
పరీక్షలు సరే, నాకు మాత్రం ఇదే తరహా డబ్బా పనిచేసింది. వాడకముందు 310, మూడు నెలల తర్వాత 590. రెండు కాగితాలూ నా దగ్గర ఉన్నాయి.

కర్నూలు ల్యాబు:
అన్నా, మీ డబ్బా మీద బయోటిన్ ఉందేమో చూసి చెప్పండి. మొదటి పరీక్ష ఎన్ని గంటలకు చేయించారో కూడా.

అనంతపురం అన్న:
ఉంది, రోజుకు 10 మిల్లీగ్రాములు. జుట్టుకు మంచిదని రాశారు. మొదటిది సాయంత్రం ఆఫీసు అయ్యాక, రెండోది ఉదయం, మాత్ర వేసుకున్నాకే.

కర్నూలు ల్యాబు:
సాయంత్రానికీ ఉదయానికీ ఉండే తేడా ఒకటి. ఇక బయోటిన్: కొన్ని యంత్రాలు హార్మోన్‌ను కొలవడానికి బయోటిన్‌నే కొక్కెంలా వాడతాయి. రక్తంలో అది ఎక్కువగా ఉంటే కొలత చెడి, టెస్టోస్టిరాన్ నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు. అన్ని యంత్రాలకూ ఈ ఇబ్బంది లేదు, అందుకే మీ విషయంలో అదే జరిగిందని చెప్పను. కనీసం రెండు మూడు రోజులు ఆ మాత్ర ఆపి, ఉదయం పరగడుపున మళ్లీ చేయించండి.

వేరుశనగ చేను:
మరి అశ్వగంధ మీద పరిశోధనలు అబద్ధమా?

కర్నూలు ల్యాబు:
అబద్ధం కాదు పెద్దాయనా, చిన్నవి. బరువెక్కువున్న 40 ఏళ్లు దాటిన మగవాళ్ల మీద చేసిన ఒకదానిలో సుమారు 15 శాతం పెరిగింది. ఆ లెక్కన 262 కాస్తా 300 అవుతుంది. అదే మనిషికి ఈ రోజుకూ రేపటికీ అంత తేడా రావచ్చు. కోచ్ చెప్పే రెట్టింపు ఎక్కడ, ఇదెక్కడ? హాని లేదన్న మాట కూడా ఒప్పుకోను. అశ్వగంధ మాత్రల తర్వాత కామెర్లు వచ్చి కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

పల్లేరు పేరు క్రీడాకారుల్లో మోగింది బల్గేరియా వెయిట్‌లిఫ్టర్ల ప్రచారంతో. 2005లో బల్గేరియా పరిశోధకులే యువకులకు నాలుగు వారాలు ఇచ్చి చూస్తే టెస్టోస్టిరాన్ కదల్లేదు. మీ తాతగారి కషాయం మూత్రం మంటకు, ఆ ఉపయోగం వేరే సంగతి. డి-ఆస్పార్టిక్ ఆమ్లం రోజుకు 3 గ్రాములు ఇస్తే, వ్యాయామం చేసేవాళ్లలో ఏమీ మారలేదు, 6 గ్రాములకు పెంచితే తగ్గింది. జింకు లోపం ఉన్నవాళ్లకు జింకు పనిచేస్తుంది, లోపం లేనివాళ్లకు ఎంత వేసినా అంతే. మెంతుల ఫలితాలు అటూ ఇటూ ఉన్నాయి, పైగా వాటిలో చాలా పరిశోధనలకు డబ్బు పెట్టింది అమ్మేవాళ్లే.

గుంతకల్లు:
మాకు పెళ్లయి నాలుగేళ్లు, పిల్లలు లేరు. వీర్యకణాలు తక్కువన్నారు. ఈ డబ్బా కన్నా నేరుగా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేయించుకుంటే త్వరగా పెరుగుతాయా?

కర్నూలు ల్యాబు:
దయచేసి వేయించుకోకండి. బయటి నుంచి టెస్టోస్టిరాన్ వస్తే మెదడు సొంత ఆజ్ఞలు ఆపేస్తుంది. వృషణాల లోపల వీర్యం తయారీకి కావలసిన టెస్టోస్టిరాన్ పడిపోతుంది, కణాలు సున్నాకు కూడా చేరవచ్చు. ఆపాక తిరిగి రావడానికి నెలలు, కొందరికి ఏడాది పైగా పడుతుంది. పిల్లలు కావాలనే మాట యూరాలజిస్టుకు మొదటే చెప్పండి, చికిత్స మార్గమే మారుతుంది.

ఎర్రగుంట్ల షిఫ్టు:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. పగటి షిఫ్టు వారంలో రెండుసార్లు, ఉదయం ఏడున్నరకు పరగడుపున ఇచ్చాను. 418, 391. డబ్బా కొనలేదు. కానీ నీరసం అలాగే ఉంది.

కర్నూలు ల్యాబు:
హార్మోన్ వైపు నుంచి భయం లేదు. నీరసానికి థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్, బీ12 చూశారా? గురక ఉందా?

ఎర్రగుంట్ల షిఫ్టు:
రక్త పరీక్షలు అన్నీ బాగానే ఉన్నాయి. గురక చాలా ఎక్కువ. మధ్యలో ఊపిరి ఆగినట్లవుతోందని భార్య ఎప్పటినుంచో అంటోంది, నేనే పట్టించుకోలేదు.

అనంతపురం అన్న:
మా బావగారికి ఇదే. నిద్ర పరీక్ష చేసి రాత్రి ముఖానికి పెట్టుకునే యంత్రం ఇచ్చారు. షిఫ్టులు మారేవాళ్లకు ఆ పరీక్ష ఏ వారంలో చేయాలో మాత్రం నాకు తెలియదు. ఊపిరితిత్తుల డాక్టరును అడుగు. నేను బయోటిన్ ఆపాను, సోమవారం రక్తం ఇస్తున్నాను, ఎంత వస్తే అంత ఇక్కడ రాస్తాను.