‘సమ్ఝా?’ ఎక్కడ పెట్టాలి? తమిళ సబ్‌టైటిల్‌కి రెండు సెకన్లే ఉన్నాయి

చిత్తూరు అమ్మాయి: తమిళం తెలిసినవాళ్లు ఒకసారి చూడండి. హిందీ వెబ్ సిరీస్‌కి తమిళ సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. ఒక రౌడీ గుక్క తిప్పుకోకుండా అనే మాట: “తుఝే కిత్‌నీ బార్ బోలా హై, మేరే సామ్‌నే ఊంచీ ఆవాజ్ మే బాత్ మత్ కర్, సమ్ఝా?” అంటే నా ముందు గొంతు పెంచి మాట్లాడొద్దని నీకెన్నిసార్లు చెప్పాను, అర్థమైందా అని. మొత్తం రెండే సెకన్లు. నేను రాసింది:

ఉన్‌కిట్ట ఎత్తనై తడవై సొల్లిరుక్కేన్,
ఎన్ మున్నాడి సత్తమా పేసాదేన్ను, పురియుదా?

మాకిచ్చిన షీట్ ప్రకారం లైనుకి 42 క్యారెక్టర్లు, రెండు లైన్లు మించకూడదు. నావి 36, 41. అయినా సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపిస్తోంది. ఏం తగ్గించాలి?

గోదారి గట్టు: డబ్బింగ్‌లో మేం ఇలాంటప్పుడు పెదవులు మూసే చోట ‘ప’, ‘బ’, ‘మ’ వచ్చేలా మాట మార్చేస్తాం. “పేసాదే” బాగానే కూర్చుంటుంది కదా.

చిత్తూరు అమ్మాయి: డబ్బింగ్ కాదండీ, కింద చదువుకునే అక్షరాలు. పెదవులతో పనిలేదు.

పాత ప్రూఫ్‌రీడర్: తమిళంలో మనలా ఒత్తులు లేవు. 42 అంటే 42 అక్షరాలు. మీవి లెక్కపెడితే లైనుకి పాతికే వస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ తప్పు.

తెరకింద: ఒత్తులు లేవన్నది నిజమే, లెక్క మాత్రం అలా జరగదు. గుణింతం గుర్తునీ, పొల్లునీ కంప్యూటర్ విడిగా లెక్కపెడుతుంది. “పేసాదే” మన కంటికి మూడక్షరాలు:

```
>>> len("பேசாதே")
6
```

తెలుగు “మాట్లాడకు” కూడా అంతే, కంటికి నాలుగు, లెక్కకి తొమ్మిది. ఒత్తు లేకపోవడం నిజానికి తమిళానికి ఇబ్బందే. మన ‘ట్ల’లో ‘ల’ కిందికి దిగిపోతుంది, అక్కడ రెండూ పక్కపక్కనే నిలబడతాయి. ‘సొ’ రాస్తే గుర్తు అక్షరానికి రెండు వైపులా చోటు తింటుంది. అందుకే 41 ఉన్న లైను లెక్కలో సరిపోయినా ఫోనులో మూడో లైనుకి జారొచ్చు, ఫోనులో కూడా చూసుకోండి.

మీ ఎరుపు మాత్రం లైను పొడవు వల్ల కాదు. చదవడానికి సెకనుకి ఎన్ని క్యారెక్టర్లు ఇచ్చారు?

చిత్తూరు అమ్మాయి: 17.

తెరకింద: అంటే రెండు సెకన్లకి 34. మీరు 77 రాశారు. సగం పైగా పోవాల్సిందే. “ఎత్తనై తడవై సొల్‌ఱదు? సత్తమా పేసాదే!” చూడండి, 35 వస్తుంది. తర్వాతి మాట ఎప్పుడు మొదలవుతుంది?

చిత్తూరు అమ్మాయి: ఆరు ఫ్రేముల తర్వాత, “హాఁ భాయ్” అంటాడు అవతలివాడు. సెకనుకి 24 ఫ్రేములు.

తెరకింద: రెండు సబ్‌టైటిల్స్ మధ్య రెండు ఫ్రేములు ఖాళీ ఉంచినా నాలుగు మిగులుతాయి. చివర రెండు ఫ్రేములు లాగితే 35 సరిపోతుంది. “నా ముందు” పోయినా ఫర్వాలేదు, అతను ఎదురుగానే ఉన్నాడు. ‘తుఝే’లోని చులకన “పేసాదే”లో ఉంది, మర్యాదగా “పేసాదీంగ” అనలేదు కదా. ‘నీ’ అని విడిగా రాయక్కర్లేదు.

పాత ప్రూఫ్‌రీడర్: ఈ యాసేమిటి? “సొల్లియిరుక్కిఱేన్” అని శుద్ధంగా రాయాలి.

చిత్తూరు అమ్మాయి: అది 18, “సొల్లిరుక్కేన్” 14. పైగా రౌడీ పాఠ్యపుస్తకంలా మాట్లాడితే నవ్వుతారు సార్.

అసలు చిక్కు చెప్పలేదు. ఆ ‘సమ్ఝా?’ వాడి ఊతపదం. ఆరో ఎపిసోడ్‌లో అవతలివాడు అదే మాట తిరిగి అంటాడు. ఇక్కడ తీసేస్తే అక్కడ దెబ్బ తగలదు.

నెల్లూరు సెకండ్ షో: మా షార్ట్ ఫిల్మ్‌కి ఇలాగే “ఏందబ్బా”ని ఇంగ్లీషులో వదిలేశాం. ఊరోళ్లు ఇప్పటికీ తిడుతున్నారు.

గోదారి గట్టు: “పురియుదా?” ఒక్కటే విడిగా వేసెయ్యొచ్చుగా?

చిత్తూరు అమ్మాయి: ఆ మాట పలికేది తొమ్మిది ఫ్రేములు. మా షీట్‌లో ఏ సబ్‌టైటిలైనా కనీసం 20 ఫ్రేములు తెర మీద ఉండాలి.

తెరకింద: జవాబుతో కలపండి. పై లైనులో గీత పెట్టి “పురియుదా?”, కింద మరో గీత పెట్టి “సరిణ్ణే.” రెండూ కలిసి సెకను దాటుతాయి, చదవడానికి చాలు.

చిత్తూరు అమ్మాయి: వేసి చూశాను, అది పట్టింది. కానీ మొదటి ముక్కకి ఒకటిన్నర సెకనే మిగిలింది, 26 క్యారెక్టర్లు. “ఎత్తనై తడవై” పట్టదు. “ఎన్‌కిట్ట సత్తమా పేసాదే.” ఒక్కటే 23లో కూర్చుంది. అప్పుడు ముందెన్నోసార్లు చెప్పాడన్న సంగతి పోతుంది.

తెరకింద: పోనివ్వండి, ఆ విసుగు గొంతులో వినబడుతుంది.

నెల్లూరు సెకండ్ షో: హిందీ రానివాడికి గొంతులో కోపం తెలుస్తుంది గానీ ఇది పదోసారని ఎట్టా తెలుస్తుంది? నేనైతే ‘సమ్ఝా’నే తీసేస్తా.

చిత్తూరు అమ్మాయి: రేపు సాయంత్రం ఫైల్ పంపాలి. రెండూ సేవ్ చేసి పెట్టాను. ఆరో ఎపిసోడ్ మళ్లీ చూసొస్తా.