అప్‌డేట్: త్రైమాసిక డిస్కౌంటు రేటు నుంచి వార్షిక వడ్డీ రేటు

నా ప్రశ్న: నామమాత్రపు డిస్కౌంటు రేటు 8 శాతం, త్రైమాసిక చక్రవృద్ధి. (1.02)^4 లెక్కతో నాకు 8.243 శాతం వస్తుంటే, పుస్తకం వాస్తవ వార్షిక వడ్డీ రేటు 8.417 శాతమని ఎందుకు అంటోంది?

అప్‌డేట్: వచ్చిన సమాధానాలను కాగితం మీద సరిచూశాక నా పొరపాటు దొరికింది. 8ని 4తో భాగించడం సరైనదే. కానీ ఆ 2 శాతాన్ని నేను త్రైమాసికం మొదట్లో ఉన్న సొమ్ము మీద వేశాను, డిస్కౌంటేమో చివరన చెల్లించే సొమ్ము మీద లెక్కకట్టేది.

అందుకని ఏడాది చివర చెల్లించాల్సిన 10,000 నుంచి వెనక్కి నడిచాను. ఒక్కో త్రైమాసికానికి 0.98తో గుణిస్తూ పోతే వరుసగా 9,800, 9,604, 9,411.92, చివరకు 9,223.68 వచ్చాయి. అంటే ఈరోజు చేతికందేది 9,223.68 మాత్రమే, దాని మీద ఏడాదికి పడే వడ్డీ 776.32, రేటు 8.417 శాతం.

```
1 + i = (1 − d/4)^(−4)
i = 0.98^(−4) − 1 = 0.08417
```

నాకు అన్నిటికంటే ఉపయోగపడింది త్రైమాసిక వడ్డీని విడిగా చూడడం: 0.02/0.98, అంటే 2.041 శాతం. దీన్ని నాలుగుసార్లు చక్రవృద్ధి చేసినా అదే 8.417 వస్తుంది. అదే 776.32ని 10,000తో భాగిస్తే వచ్చే 7.763 శాతం వాస్తవ వార్షిక డిస్కౌంటు రేటు. దాన్ని వడ్డీ రేటుగా పొరబడకూడదు.