స్కోర్ అరవై దాటినా సేల్స్ వద్దంటోంది: లీడ్ రెడీ అని తేల్చాల్సింది ఎవరు?

అనంత మార్కెటింగ్:
అనంతపురంలో ఇళ్ల మీద సోలార్ పెట్టే కంపెనీలో మార్కెటింగ్ చూస్తాను. కొందామని ఆరా తీసినవాళ్లను, అంటే లీడ్లను, మార్కులేసి ఏరుతాం. మా స్కోరింగ్ ఇదీ: ఫేస్‌బుక్ ఫామ్ నింపితే 15, వెబ్‌సైట్‌లో ధరల పేజీ చూస్తే 15, కరెంటు బిల్లు కాలిక్యులేటర్ వాడితే 15, వాట్సాప్‌కి జవాబిస్తే 15. సొంతిల్లు అంటే 20, నెల బిల్లు రెండు వేలు దాటితే 20. జిల్లా బయటివాళ్లయితే మైనస్ 20. అరవై వస్తే సేల్స్‌కి పంపుతాం. పోయిన నెల 90 పంపితే, పనికొచ్చేవి పదిహేనే అన్నారు. వాళ్లు సరిగా ఫోన్లు చేయట్లేదని మా అనుమానం. తప్పు ఎవరిది? రెడీ అని చెప్పాల్సింది స్కోరా, సేల్స్‌వాళ్లా?

గుంతకల్ జంక్షన్:
పదేళ్లుగా సేల్స్‌లోనే ఉన్నా. ఫోన్లు చేయట్లేదని మార్కెటింగ్‌వాళ్లు అనడం కొత్తేం కాదులే. ఒక్క ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, ఇతను కొంటాడా, టైమ్‌పాసా అని. ఇల్లు మీదేనా, మీటర్ ఎవరి పేరున ఉంది, డబ్బు ఎప్పుడు కడతారు, ఈ మూడూ చాలు. ధరల పేజీ చూసినందుకు 15 మార్కులా? ధరలు చూసి నోరెళ్లబెట్టి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. నా లెక్కలో సైట్ విజిట్‌కి, అంటే మేం ఇంటికొచ్చి కప్పు చూడటానికి, ఫలానా రోజు ఫలానా టైమ్ అని చెప్పినవాడే రెడీ. మిగతా అంతా కాగితం మీద లెక్క.

బురుజు కాడ:
మాది కర్నూలు, ఓర్వకల్లు వైపు ప్లాట్లు అమ్ముతాం. మేమూ ఇట్లాగే స్కోర్ పెట్టుకున్నాం. ఎయిర్‌పోర్టు వీడియో చూసినవాళ్లందరికీ మార్కులే మార్కులు. తీరా చూస్తే సగం మంది విమానం దిగడం చూద్దామని వీడియో పెట్టుకున్న పిల్లకాయలు. స్కోర్ తీసేసి టెలీకాలర్‌ని పెట్టుకున్నాం, ఇప్పుడు ప్రశాంతంగా ఉంది. మీరూ అదే చేయండి.

పెన్న ఒడ్డు:
కర్నూలన్నా, మీ వీడియో అనుభవం ఇక్కడ సగమే పనికొస్తుంది. సమస్య స్కోర్ పెట్టడంలో లేదు, రెండు వేరు వేరు సంగతులను ఒకే కుప్పలో పోయడంలో ఉంది. ఈ మనిషి మన సరుకు పెట్టుకోగలడా అన్నది ఒకటి, ఇప్పుడు మనసు పడ్డాడా అన్నది ఇంకొకటి. అక్కా, మీ మార్కులతోనే ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటాయన అద్దె ఇంట్లో ఉంటాడు. ఫామ్ నింపాడు, ధరలు చూశాడు, కాలిక్యులేటర్ తిప్పాడు, వాట్సాప్‌లో 'ఓకే' అని పెట్టాడు. నాలుగు పదిహేన్లు అరవై. సేల్స్‌కి వెళ్లిపోయాడు. ఆయనకు పైకప్పే లేదు.

రెండో ఆయన బెంగళూరులో ఉద్యోగం. ఇక్కడ సొంతింట్లో అమ్మానాన్న ఉంటారు, వేసవిలో ఏసీ బిల్లు చూసి ఆఫీసులో కూర్చుని మీ ఫామ్ నింపాడు. ఫామ్ 15, కాలిక్యులేటర్ 15, సొంతిల్లు 20, బిల్లు 20. మొత్తం డెబ్బై. జిల్లా బయట అని ఇరవై కోసేశారు, యాభై అయింది, ఆగిపోయాడు. మన ఊళ్లలో ఇంటికి ఖర్చు పెట్టే కొడుకు ఎక్కడుంటాడో మీకు నేను చెప్పాలా! చూడాల్సింది ఫోన్ చేసినవాడి ఊరు కాదు, మీటర్ ఉన్న ఊరు.

అందుకే పెట్టుకోగలడా అన్నదానికి మార్కులు వద్దు, గేటు పెట్టండి. కప్పు మీద హక్కు ఉందా, అది స్లాబేనా. మట్టి మిద్దె అయితే స్ట్రక్చర్ బరువు మోయదు, ఆయన ఎన్ని పేజీలు చూసినా లాభం లేదు. కిలోవాట్‌కి సుమారు వంద చదరపు అడుగులు నీడ పడని చోటు కావాలి. ఇవి దాటినవాళ్లలో మాత్రమే ఎవరికి ముందు ఫోన్ చేయాలో ఆసక్తి మార్కులు చెప్పాలి.

ఫేస్‌బుక్ ఫామ్ ఎలాంటిదో కూడా ఒకసారి చూడండి. మామూలు ఫామ్‌లో పేరూ నంబరూ దానంతటదే నిండుతాయి, పొరపాటున వేలు తగిలినా లీడ్ అవుతుంది. పాత నంబర్ కూడా రావచ్చు. పంపే ముందు వివరాలు మళ్లీ చూపించి అడిగే రకం ఇంకోటి ఉంది. దాంట్లో లీడ్లు తగ్గుతాయి, నేనెప్పుడు నింపాను అనేవాళ్లూ తగ్గుతారు.

ఎండలో ఇల్లు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ అంటున్నారు కదా, అది పోను ఎంత కట్టాలి? మీ వెబ్‌సైట్‌లో కాలిక్యులేటర్ వాడాను. నాకు ఎన్ని మార్కులు పడ్డాయో కూడా చెప్పండి.

గుంతకల్ జంక్షన్:
ఇల్లు మీదేనా అన్నా?

ఎండలో ఇల్లు:
అద్దెది. ఓనరుకు చెప్పి చూద్దామని.

గుంతకల్ జంక్షన్:
చూశారా. ఇట్లాంటోళ్లు నాకు రోజుకు నలుగురు.

అన్నా, మీకు కూడా చెప్తా. పీఎం సూర్యఘర్ సబ్సిడీ ముందు చేతికి రాదు. ప్యానెళ్లు బిగించి, డిస్కమ్ వాళ్లు చూసి మీటర్ పెట్టాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. అందాకా మొత్తం డబ్బు మనం కట్టాలి, లేదా లోన్ తీసుకోవాలి. దరఖాస్తు కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లే పెట్టుకోవాలి. మీ ఓనర్ని మాట్లాడమనండి.

కడప గడప:
జంక్షన్ అన్న చెప్పిన ఆ పేరు సంగతి దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మా కడప వైపు మీటర్ ఇప్పటికీ చనిపోయిన తాత పేరునే ఉన్న ఇళ్లు బోలెడు. సేల్స్‌వాళ్లు దాన్ని 'పనికిరాదు' అని కొట్టేస్తారు, మార్కెటింగ్ 'సొంతిల్లు' అని ఇరవై వేస్తుంది. ఇద్దరూ తప్పే. ఆయన కొనేవాడే, కాకపోతే ముందు డిస్కమ్‌లో పేరు మార్పించుకోవాలి. అలాంటివాటికి రెడీ, చెత్త కాకుండా 'ఆగాలి' అని మూడో గడి ఉండాలి. పేరు మారే వరకు ఫాలోఅప్ ఎవరు చేయాలో కూడా రాసుకోవాలి. లేకపోతే ఎవరూ చేయరు.

ఇంకో మాట. 90లో 15 అని సేల్స్ అన్నారు సరే, మిగతా 75 ఎందుకు కాదన్నారో రాశారా? నేను పనిచేసిన చోట కారణాల లిస్టు తీస్తే ముప్పాతిక 'ఫోన్ ఎత్తలేదు'. అది లీడ్ బాగాలేదని చెప్పే కారణం కాదు, ఇంకా తెలియదని చెప్పే కారణం. ఒకసారి పగలు పదకొండింటికి చేసి వదిలేస్తే టీచరు ఎత్తుతాడా, షాపాయన ఎత్తుతాడా? ఈ రెండు రకాలనూ విడగొట్టకుండా తప్పు ఎవరిదో తేలదు. దానికి తోడు లీడ్ల లెక్క మీద మార్కెటింగ్‌కి ఇన్సెంటివ్ ఉంటే ఆ అరవై ఎప్పటికీ పెరగదు, చూస్తుండండి.

అనంత మార్కెటింగ్:
మాకు ఇన్సెంటివ్ లీడ్ల లెక్క మీదే అన్నా. అది మా చేతిలో లేదు, మేనేజ్‌మెంట్‌తో మాట్లాడాలి. మా దగ్గర కూడా 75లో 41 'ఫోన్ ఎత్తలేదు' అనే ఉన్నాయి. పెన్న ఒడ్డు గారూ, మార్కులు మార్చేముందు పాతవి తప్పని ఎట్లా చూపించాలి? మా సేల్స్ మేనేజర్ మాటలు వినడు, లెక్క అడుగుతాడు.

పెన్న ఒడ్డు:
లెక్క అడిగే మేనేజర్ దొరకడం మంచిదే. గత ఆరు నెలల ఆర్డర్లు తీయండి. ఒక్కో ఆర్డరుకు, ఆ లీడ్ సేల్స్ చేతికి వెళ్లిన రోజు స్కోర్ ఎంతో రాయండి. ఈరోజు స్కోర్ కాదు, ఆ రోజుది. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. సేల్స్‌వాళ్లు మాట్లాడాక కస్టమర్ వాట్సాప్‌లో పది మెసేజ్‌లు పెడతాడు, ధరల పేజీ మళ్లీ చూస్తాడు, మార్కులు పెరిగిపోతాయి. ఈరోజు స్కోర్ చూస్తే కొన్నవాళ్లందరికీ తొంభై ఉంటుంది, మన స్కోరింగ్ బ్రహ్మాండం అనిపిస్తుంది. మార్కుల వల్ల కొన్నది కాదు, కొంటున్నాడు కాబట్టి మార్కులు వచ్చాయి. లీడ్ల వివరాలు ఉండే మీ సీఆర్ఎం సాఫ్ట్‌వేర్ పాత స్కోర్ దాచకపోతే, ఏ పని ఏ తేదీన చేశాడో చూసి చేత్తో వేసుకోవాల్సిందే.

అరవై పైన ఉన్నవాళ్లలో వందకు ఎంతమంది కొన్నారు, కింద ఉన్నవాళ్లలో ఎంతమంది అని పోల్చండి. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే మీ గీత దేన్నీ వేరు చేయట్లేదు. ఒక చిక్కుంది. కింద ఉన్నవాళ్లకు ఎవరూ ఫోన్ చేయకపోతే వాళ్లు కొనేవాళ్లో కాదో తెలిసే దారి లేదు. వచ్చే నెల అరవై లోపువి ఓ పదిహేను, గుర్తు పెట్టకుండా, మిగతావాటితో కలిపి పంపండి. స్కోర్ మాత్రం సేల్స్‌కి చూపించొద్దు. ఎనభై కనిపిస్తే ఐదుసార్లు చేస్తారు, నలభై కనిపిస్తే ఒకసారి చేసి వదిలేస్తారు. అప్పుడు మనం కొలిచేది లీడ్‌ని కాదు, వాళ్ల ఓపికని.

గుంతకల్ జంక్షన్:
స్కోర్ చూపించొద్దంటే ఎట్లా సార్? ఎండలో గుంతకల్లు నుంచి తాడిపత్రి దాకా బండి మీద తిరిగేది మేము. ఎవరి దగ్గరికి ముందు పోవాలో తెలియాలి కదా. మీ పరీక్ష కోసం నా టార్గెట్ పోగొట్టుకోవాలా?

పెన్న ఒడ్డు:
మీరన్నదాంట్లో న్యాయం ఉంది. ఒక్క నెల, ఆ పదిహేనూ టార్గెట్ లెక్కలోకి రావని ముందే రాసుకుంటే సరిపోతుందేమో. కానీ మీ 'సైట్ విజిట్‌కి టైమ్ ఇచ్చినవాడే రెడీ' మాటతో నాకు పేచీ ఉంది. ఆ గీత పెడితే ఆఫీసులో ఫోన్ చేసే అమ్మాయి, 'ఊరికే చూసిపోతారు సార్, ఖర్చేం లేదు' అని అందరిచేతా ఊ అనిపిస్తుంది. మీరు వెళ్లేసరికి ఇంటికి తాళం. గేటు దాటాడు, డబ్బు కట్టే మనిషే మాట్లాడాడు, మూడు నెలల్లో పెట్టిద్దామన్నాడు, ఇంతవరకే మార్కెటింగ్ పని. విజిట్ టైమ్ మీరే అడగండి.

గుంతకల్ జంక్షన్:
తాళం సంగతి నిజమే, కాదనను. కానీ 'మూడు నెలల్లో' అని ఎవడైనా అంటాడు. అన్నోడి దగ్గర బిల్లు ఫొటో అడగండి. బిల్లు ఫొటో పంపినోడు నూటికి డెబ్బై పాళ్లు సీరియస్, నా అనుభవం. దాంట్లో సర్వీస్ నంబర్ ఉంటుంది, ఎవరి పేరునుందో ఉంటుంది, లోడ్ ఎంతో ఉంటుంది. మీ గేటు ప్రశ్నలు సగం దాంట్లోనే తేలిపోతాయి.

కడప గడప:
ఇది బాగుంది. పెద్దవాళ్లకు వాట్సాప్‌లో ఫొటో పంపడం రాదు, అదొక్కటి చూసుకోండి. అక్కడ కొడుకునో మనవడినో పట్టుకోవాలి.

అనంత మార్కెటింగ్:
ఆర్డర్లు తీశాను. ఆరు నెలల్లో 31. సేల్స్ చేతికి వెళ్లిన రోజు స్కోర్ వేస్తే వాటిలో 12 అరవై కంటే తక్కువ. మేనేజర్‌కి తెలిసినవాళ్లని, ఆఫీసుకే నేరుగా వచ్చారని స్కోర్‌తో సంబంధం లేకుండా సేల్స్ తీసుకున్నవి అవి. ఆ 12లో 7 బెంగళూరు నుంచి ఫోన్ చేసినవాళ్లవి. మైనస్ ఇరవై తీసేసి మీటర్ ఉన్న ఊరు అడుగుతున్నాం. బిల్లు ఫొటో కూడా పెడుతున్నాం. 'ఫోన్ ఎత్తలేదు' అని రాయాలంటే వేర్వేరు పూటల్లో మూడుసార్లు చేసి ఉండాలన్నదానికి సేల్స్ మేనేజర్ ఒప్పుకున్నాడు, ఒకటి సాయంత్రం ఆరు తర్వాత. స్కోర్ దాచడానికి మాత్రం ససేమిరా అంటున్నాడు.

పెన్న ఒడ్డు:
31 ఆర్డర్లు తక్కువే, దాని మీద కొత్త మార్కులు కట్టేయకండి. బెంగళూరు సంగతి వరకు నమ్మొచ్చు, కారణం కూడా కంటికి కనిపిస్తోంది కాబట్టి. మిగతా మార్కులు ఇంకో మూడు నెలలు ఆగి చూడండి. స్కోర్ దాచడానికి ఒప్పుకోకపోతే మీ సేల్స్‌వాళ్లలో ఒక్కరికైనా దాచండి.

గుంతకల్ జంక్షన్:
ఆ ఒక్కడూ ఎవరో వాడినే అడగండి సార్, ఒప్పుకుంటాడేమో!