శ్రద్ధాంజలి ప్రకటనలో మాటలు తగ్గించాలంటే ఇంట్లోవాళ్ల పేర్లు తీసేయాలా?

అల్వాల్ సునీత (పేర్లన్నీ మార్చాను)
నాన్న పోయి నాలుగు రోజులైంది. పేపర్లో ఫొటో లేకుండా 40 మాటల ప్రకటన ఇవ్వాలనుకున్నాం, మా చిన్నన్న రాసింది 64 మాటలొచ్చింది. పెద్దన్న మూడేళ్ల కింద పోయాడు కాబట్టి ఆయన పేరూ పెద్దొదిన పేరూ తీసేద్దామని, నాదీ మా ఆయనదీ పేర్లు లేకుండా "కుమార్తె, అల్లుడు" అని వేస్తే చాలని చిన్నన్న అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు? రాసింది ఇది:

"అత్యంత విచారంతో తెలియజేయునది ఏమనగా మా ప్రియమైన తండ్రిగారైన విశ్రాంత ప్రధానోపాధ్యాయులు శ్రీ శంకరయ్య గారు (78) ఈ నెల 9, ఆదివారం రోజున తెల్లవారుజామున స్వర్గస్థులైనారని తెలియజేయుటకు మిక్కిలి చింతిస్తున్నాము. వారి దశదిన కర్మ ఈ నెల 18, మంగళవారం రోజున మధ్యాహ్నం 12 గంటలకు అల్వాల్‌లోని మా స్వగృహంలో జరుగును. కావున బంధుమిత్రులందరూ విచ్చేసి వారి పవిత్ర ఆత్మకు శాంతి చేకూరాలని ప్రార్థించవలసిందిగా కోరుచున్నాము. ఇట్లు: భార్య లక్ష్మమ్మ, కుమారులు కీ.శే. రమేష్, సురేష్, కోడళ్లు అనిత, స్వప్న, కుమార్తె సునీత, అల్లుడు ప్రభాకర్, మనుమలు, మనుమరాళ్లు."

బోడుప్పల్ శ్రీను
అక్కా, పేరు మాత్రం తీయనివ్వకు. రేపు ఆస్తి పంపకాల దగ్గర ఈ పేపర్ కటింగే ముందుకొస్తది. ప్రకటనలో నీ పేరు లేకపోతే వాటా లేదంటరు. మీ పెద్దొదినకు పిల్లలుంటే వాళ్ల సంగతి ఇంకా కష్టం.

ఇంకోటి, మాటలు లెక్కపెట్టేదేంది? పేపర్లో స్థలానికే రేటు. అక్షరాలు చిన్నగా పెట్టమంటే మొత్తం పడుతుంది.

కొత్తపేట కవిత
శ్రీను గారూ, వాటా విషయంలో అనవసరంగా భయపెడుతున్నారు. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఎవరెవరు వారసులో 1956 హిందూ వారసత్వ చట్టమే చెబుతుంది. భార్య, కొడుకులు, కూతుళ్లు, ముందే పోయిన కొడుకు భార్యాపిల్లలు, అందరూ మొదటి తరగతి వారసులే. పేపర్లో పేరు వేసినంత మాత్రాన హక్కు రాదు, వేయనంత మాత్రాన పోదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం తహసీల్దార్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టేటప్పుడు అందులో ఎవరి పేరూ వదిలేయకుండా చూసుకోవాలి, జాగ్రత్త పడాల్సింది అక్కడ. సునీత గారూ, మున్సిపల్ ఆఫీసులో మరణం నమోదు 21 రోజుల్లోపు చేయించారా? ప్రకటనలో వేసే తేదీ, అక్కడ రాయించిన తేదీ ఒకటే ఉండాలి.

కంపోజింగ్ పాతమనిషి
సునీతమ్మా, నారాయణగూడలో ఒక యాడ్ బుకింగ్ ఏజెన్సీలో చాలా ఏళ్లు కూర్చున్నాను. ఇలాంటి గొడవలు ఎన్నో కుటుంబాల్లో కౌంటర్ దగ్గరే చూశాను. పేర్లు తీసే ముందు ఒక్కసారి లెక్క చూడండి.

మీ అన్నయ్య తీయమంటున్నవి కీ.శే., రమేష్, అనిత, సునీత, ప్రభాకర్. అంటే 5 మాటలు. 64లో 5 పోతే 59. మీకు 24 తగ్గాలి. నలుగురి మనసు కష్టపెట్టినా ప్రకటన 40లో పట్టదు.

బరువంతా పైన ఉంది. "అత్యంత విచారంతో" నుంచి "తండ్రిగారైన" వరకు 7 మాటలు. ఆ వాక్యం చివర "తెలియజేయుటకు మిక్కిలి చింతిస్తున్నాము" మరో 3. మొదట్లో తెలియజేయునది అని చెప్పి చివర మళ్లీ తెలియజేయుటకు అంటున్నారు. "కావున" నుంచి "కోరుచున్నాము" వరకు 10. ఈ 20 మాటల్లో మీ నాన్నగారి గురించిన సమాచారం ఒక్కటీ లేదు. చూసిన ప్రకటనల్లో ఎక్కువ వాటిలో ఇవే ఉంటాయి, జనం అలవాటుగా రాసేస్తారు.

ఆ తర్వాత చిన్నవి: శ్రీ, తెల్లవారుజామున, రెండుచోట్ల "రోజున", వారి, రెండోసారి వచ్చిన "ఈ నెల", మా, జరుగును, ఇట్లు. ఇవన్నీ కలిపి 10. రెండో "ఈ నెల" తీయగలుగుతున్నామంటే మరణం, కర్మ ఒకే నెలలో పడ్డాయి కాబట్టే. 25న పోయి వచ్చే నెల 4న కర్మ అయితే నెల పేరు ఉండి తీరాలి. పొదుపు కోసం అది తీసేసి, జనం తప్పు రోజున వచ్చిన కేసులు నాకు తెలుసు.

ఇప్పుడు 64లో 30 పోయి 34 అయింది. ఒక్క పేరూ పోలేదు. ఇంకా 6 మాటల చోటు మిగిలింది. మీరు రాసినదాంట్లో ఫోన్ నంబరే లేదు, దానికి 2. మీ నాన్నగారి సొంతూరు లేదు. ఊళ్లో చదువుకున్న శిష్యులు ఊరిపేరు చూసే గుర్తుపడతారు, దానికి 2. అల్వాల్ పెద్దది, కాలనీ పేరు వేస్తే మరో 2.

శ్రీను చెప్పింది ఫొటో ప్రకటనకు సరిపోతుంది. అక్కడ కాలమ్ వెడల్పు, సెంటీమీటర్ల ఎత్తు చూసి రేటు వేస్తారు. మీది క్లాసిఫైడ్ కాబట్టి మాటలకే, కొన్నిచోట్ల లైన్లకు. లైన్ల లెక్క అయితే సంగతి వేరు. సన్నటి కాలమ్‌లో "ప్రార్థించవలసిందిగా" లాంటి మాట ఒక్కటే సగం లైను తింటుంది, అప్పుడు మాటల సంఖ్య కన్నా వాటి పొడవు చూసుకోవాలి. బుక్ చేసేముందు "కీ.శే." ఒక మాటా, ఫోన్ నంబర్ ఒక మాటా అని అడగండి. అక్షరాలు చిన్నవి చేయించొద్దు. మీ నాన్నగారి తోటి టీచర్లకు డెబ్బై దాటి ఉంటాయి, వాళ్లు చదవగలగాలి.

కొత్తపేట కవిత
పాతమనిషి గారి లెక్క నేనూ సరిచూశాను, కరెక్టే. నాకు ఒక అనుమానం. "కుమారులు కీ.శే. రమేష్, సురేష్" అని చదివితే కీ.శే. ఇద్దరికీ వర్తించేలా లేదూ?

కంపోజింగ్ పాతమనిషి
బాగా పట్టుకున్నారు, నేను అదే రాయబోతున్నాను. ముందు వచ్చిన కీ.శే. కామా దాటి రెండో పేరుకు కూడా పాకుతుంది. బతికున్న కొడుకు ఫోన్‌కు పరామర్శలు వస్తాయి. మాటలు తగ్గించడానికి జంటలను గీతతో కలిపితే ఇంకా ప్రమాదం. "కీ.శే. రమేష్-అనిత" అని పడితే కోడలు కూడా పోయిందనే చదువుతారు.

అందుకే జంటలు కలపకుండా కొడుకులు ఒక వరుస, కోడళ్లు ఒక వరుస పెట్టండి. పోయినాయన పేరు పక్కనే "రమేష్ (కీ.శే.)" అని వేయండి. మాటల లెక్క మారదు, అది ఇంకెవరికీ అంటుకోదు. నేనైతే ఇలా ఇస్తాను:

"మోత్కూరు వాస్తవ్యులు, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు శంకరయ్య గారు (78) ఈ నెల 9, ఆదివారం స్వర్గస్థులైనారు. దశదిన కర్మ 18, మంగళవారం మధ్యాహ్నం 12 గంటలకు అల్వాల్‌లోని స్వగృహంలో. భార్య లక్ష్మమ్మ, కుమారులు రమేష్ (కీ.శే.), సురేష్, కోడళ్లు అనిత, స్వప్న, కుమార్తె సునీత, అల్లుడు ప్రభాకర్, మనుమలు, మనుమరాళ్లు. ఫోన్: ..."

మోత్కూరు ఉదాహరణకు వేశాను, మీ ఊరు పెట్టుకోండి. నంబరుతో కలిపి 38. కాలనీ పేరుకు 2 వదిలాను.

నల్లకుంట శర్మ
అమ్మా, నా అభిప్రాయం వేరు. కబురు పంపేది బతికున్నవాళ్లు. పోయినవాళ్ల పేరు పంపేవాళ్ల వరుసలో ఉండకూడదని పెద్దలు అనేవారు. మీ అన్నగారిని తక్కువ చేయాలని కాదు. "ఇట్లు" కింద ఆయన పేరు వేయడం పద్ధతి కాదు. పైగా కీ.శే. పేరుకు ముందే రావాలి, వెనకాల కుండలీకరణంలో పెట్టడం నాకు నచ్చలేదు. అంతగా కావాలంటే "సురేష్, కీ.శే. రమేష్" అని వరుస మార్చండి.

తేదీ గురించి కూడా ఒక మాట. పోయిన రోజును మొదటి రోజుగా లెక్కిస్తే 18న పదో రోజు సరిగ్గా వస్తుంది. కొన్ని ఇళ్లలో దహనమైన రోజు నుంచి లెక్కిస్తారు. మీ పురోహితుణ్ని అడిగాకే అచ్చుకివ్వండి.

కంపోజింగ్ పాతమనిషి
శర్మగారూ, "ఇట్లు" తీసేశాం కదండీ. అది లేనప్పుడు ఆ వరుస కబురు పంపినవాళ్లది కాదు, ఆయన కుటుంబం ఎవరెవరో చెప్పేది మాత్రమే. అందులో పెద్దకొడుకు ఉండకపోతే లెక్క తప్పు. "కుమారుడు సురేష్, కోడళ్లు అనిత, స్వప్న" అని వేస్తే చదివేవాళ్లు ఏమనుకుంటారో ఊహించండి. అనిత పేరు కూడా తీస్తే ఆమె పిల్లలు ఎవరి మనుమలో తెలియదు. వరుస మార్చడం గురించి మాత్రం నేను తేల్చలేను. చిన్నవాడిని ముందు వేస్తే ఆ తల్లికి ఎలా ఉంటుందో ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది.

సీతాఫల్‌మండి యాదగిరి
సంవత్సరీకానికి ఫొటో పెట్టి "అశ్రునివాళి" వేయిస్తే మంచిగుంటది చెల్లె. మేం మా బాపుకు అట్లనే చేసినం. పోయినప్పుడు కూడా చిన్నది వేయించినం, అండ్ల మా ఇద్దరు బావల పేర్లు తారుమారైనయి. పెద్దక్క పక్కన చిన్నబావ పేరు పడ్డది. మేం రాసిచ్చింది కరెక్టే, టైపు చేసినాయన మార్చిండు. అచ్చయినంక మా పెద్దబావ కర్మకు వచ్చిండు గానీ భోజనం చెయ్యలే. ఆ మాట ఇప్పటికీ నడుస్తనే ఉన్నది.

కంపోజింగ్ పాతమనిషి
యాదగిరి గారు అడిగినదానికి కాకుండా వేరేది చెప్పినా అసలు సంగతి అందులోనే ఉంది. మీరు వాట్సాప్‌లో పంపిన తెలుగును చాలాచోట్ల డీటీపీ ఆపరేటర్ "అను" అనే ఫాంట్‌లోకి మారుస్తాడు, లేదంటే మళ్లీ టైపు చేస్తాడు. మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి. మీ ఇంట్లో "స్వప్న" లాంటి పేరు ముందు చూసుకోండి. కాబట్టి "సరే వేసేయండి" అని ఫోన్‌లో చెప్పొద్దు, ప్రూఫ్ ఫొటోగా తెప్పించుకోండి. దాన్ని రాసినవాళ్లు కాకుండా ఇంకొకరు చదవాలి, ఎందుకంటే రాసినవాళ్ల కన్ను తప్పును దాటేస్తుంది. తేదీ పక్కన వారం క్యాలెండర్‌లో చూడండి. ఫోన్ నంబర్ ఒక్కో అంకె పైకి చదవండి. ఎవరి పేరు ఎవరి వరుసలో ఉందో చూసి అప్పుడు సరే అనండి.

సిటీ ఎడిషన్ ఒక్కటే బుక్ చేస్తే మీ ఊళ్లో ఎవరూ చూడరు. చుట్టాలు ఎక్కువ జిల్లాలో ఉంటే ఆ జిల్లాకు వేయించండి. మాటలు తగ్గించి మిగిల్చిన డబ్బు దానికి పనికొస్తుంది.

బోడుప్పల్ శ్రీను
వాటా సంగతి కవితక్క చెప్పినంక సమజైంది. కానీ అక్కా, చట్టానికి పట్టింపు లేకున్నా చుట్టాలకు ఉంటది. ఆడపిల్ల పేరు తీసేసిన పేపర్ ఇంట్లో దాచిపెట్టుకుంటరు కదా.

నల్లకుంట శర్మ
ఆడపిల్ల పేరు తీయమని నేనూ అనలేదు. కీ.శే. వెనక రావడమే నాకు రుచించలేదు.

అల్వాల్ సునీత
అందరికీ నమస్కారం. చిన్నన్నకు 64, 59, 34 లెక్క చూపించాను. పేర్ల గురించి ఇక మాట్లాడలేదు, "మనం ఇంత ఎక్కువ ఎందుకు రాశాం" అని మాత్రం అన్నాడు. అమ్మ "రమేష్ ముందే ఉండాలి" అంది, అందుకని శర్మగారి వరుస కుదరలేదు. పురోహితుడు 18నే అన్నారు. పెద్దొదిన మాత్రం కీ.శే. అసలు వద్దు, ఉత్త పేరు వేయండి అంటోంది. తెలియనివాళ్లు కర్మకు వచ్చి పెద్దబ్బాయి ఏడని అడుగుతారు కదా అని నా భయం. రేపు పొద్దున్నే ప్రూఫ్ పంపాలి. ఈ ఒక్కటీ ఇంకా తేలలేదు.

కొత్తపేట కవిత
ఆ ఒక్కదానికి పెద్దొదినతో మీరు ఒక్కరే కూర్చుని మాట్లాడండి సునీత గారూ, నలుగురి ముందు వద్దు. కీ.శే. లేకుండా వేస్తే 39 అవుతుంది, అటైనా ఇటైనా 40లో పడుతుంది.